మధ్యాహ్నం ఒక్కటే, అర్జెంటు పనులు రెండు

(కామర్స్ పట్టభద్రుల సమావేశంలో ఒక విశ్రాంత అకౌంట్స్ అధికారిణి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినిపిస్తోందా? ఆ చివరి వరసలో బాబూ, వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్ళు టైం మేనేజ్‌మెంట్ మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నాకు తెలీదమ్మా. నాకు బాగా తెలిసింది ఒక్క మధ్యాహ్నం. నెలలో 20వ తారీఖు మధ్యాహ్నం. మీలో జీఎస్టీ పని చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఆహా, సగం మంది. మీకు 20వ తారీఖు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు ఒక్క ముక్క చెబుతాను. నెలనెలా రిటర్ను వేసే కంపెనీ కిందటి నెల పన్ను కట్టి, జీఎస్టీఆర్-3బీ అనే రిటర్ను ఈ నెల 20లోపు వేయాలి. దేశంలో ఉన్నవాళ్ళంతా ఆ రోజే వేస్తారు. పోర్టల్‌లో చక్రం తిరుగుతూ ఉంటుంది, మనం చూస్తూ ఉంటాం.

అలాంటి రోజున పొద్దున 11:40కి ఫైనాన్స్ మేనేజర్ వచ్చి, "అమ్మా, 3బీ ఇవాళ మూడింటికల్లా అయిపోవాలి" అంటారు. సరే సార్ అంటాం. పన్నెండుంపావుకి ప్రాజెక్ట్స్ మేనేజర్ సైట్ నుంచి ఫోన్ చేసి, "టెండరు ఇవాళ అయిదింటికి క్లోజ్. రేట్ల షీటు, టర్నోవర్ లెక్క నాకు మూడింటికి కావాలి, అన్నీ పక్కన పెట్టు" అంటారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఇద్దరిదీ అర్జెంటే. ఇద్దరూ మూడింటికే అన్నారు. చేతులు రెండే, అవీ ఒకే మనిషివి. ఇప్పుడేం చేస్తారు?

నేనేం చేసేదాన్నో చెప్పనా? ఇద్దరికీ "అలాగే సార్" అనేదాన్ని. నవ్వకండి, మీరూ అదే అంటారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పని చెబితే కాదనడం మనకు నేర్పలేదు కదా. ఆ "అలాగే"తోనే చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే ఆ మాట అన్న క్షణం నుంచి ఆ ఇద్దరు పెద్దమనుషులకూ అసలు తగువు ఉందన్న సంగతే తెలీదు. తెలిసింది మన ఒక్కరికే. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయాన్ని మనం మనసులో పెట్టుకుని, మనమే జడ్జీలమై, మనమే ముద్దాయిలమై కూర్చుంటాం.

2013లో నాకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరు చెప్పను. ఏదో నెల 7వ తారీఖు. కిందటి నెలలో మనం కోసిన టీడీఎస్ ప్రభుత్వానికి కట్టడానికి అదే ఆఖరి రోజు. మొత్తం 2,40,000 రూపాయలు. అదే మధ్యాహ్నం ఇంకో మేనేజరుగారు బ్యాంకుకి ఇవ్వాల్సిన స్టాక్ స్టేట్‌మెంట్ ఇప్పుడే కావాలని నా కుర్చీ పక్కనే నిలబడ్డారు. టీడీఎస్ చెప్పిన మేనేజరు మెత్తటి మనిషి, ఒక్కసారి చెప్పి వెళ్ళిపోయారు. ఈయన గొంతు పెద్దది. నేను ఏది ముందు చేసి ఉంటాను? గొంతు పెద్దదే కదా. రాత్రి ఎనిమిదింటికి స్టాక్ లెక్క పూర్తిచేసి తల ఎత్తేసరికి, బ్యాంకు పేమెంటు ఆమోదించాల్సిన ఆయన ఇంటికెళ్ళిపోయారు. టీడీఎస్ 8న కట్టాం.

ఒక్క రోజు ఆలస్యం. వడ్డీ ఎంత అనుకుంటున్నారు? ఒక్క రోజుకి కాదు. కోసిన టీడీఎస్ ఆలస్యంగా కడితే నెలకు ఒకటిన్నర శాతం, నెలలో ఒక భాగమైనా పూర్తి నెల కిందే లెక్క, అదీ కోసిన తేదీ నుంచి. అంటే కోసిన నెల ఒకటి, కట్టిన నెల ఒకటి. రెండు నెలలు, మూడు శాతం. 2,40,000 మీద 7,200 రూపాయలు. ఆ 7,200 డబ్బుతో పోలేదు, ఏడాది చివర టాక్స్ ఆడిట్ రిపోర్టులోకి కూడా ఎక్కింది, అక్కడ దానికంటూ ఒక గడి ఉంది. ఇంకా బాధపెట్టింది ఏమిటంటే, స్టాక్ స్టేట్‌మెంట్‌కి బ్యాంకు పెట్టిన గడువు ఆ నెల 10. ఆయనకు 8 నుంచి సెలవు కాబట్టి 7నే కావాలన్నారు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. "సార్, బ్యాంకువాళ్ళు ఎప్పటికి అడిగారు?" అంతే. అడగలేదు.

అసలు ఇద్దరు బాసులు ఎందుకుంటారు అని మీరు అడగొచ్చు. బీకాంలో చదువుకున్నారు కదా, హెన్రీ ఫేయోల్, 14 సూత్రాలు. ఫ్రాన్సులో గనుల ఇంజనీరు. 1916లో రాశాడు, ఒక ఉద్యోగికి ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలని. అదే పాఠంలో ముందు పేజీలో టేలర్ ఉంటాడు, అమెరికావాడు. ఆయన ఒక కార్మికుడి మీద ఎనిమిది మంది ఫోర్‌మెన్‌లు ఉండొచ్చన్నాడు, ఒక్కో విషయానికి ఒక్కొక్కరు. పరీక్షలో మనం ఫేయోల్‌ని రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఉద్యోగంలో చేరేది మాత్రం టేలర్ దగ్గర. కాబట్టి ఇద్దరు బాసులు ఎందుకున్నారని ఏడవడం దండగ. ఉన్నారు. ఆ మధ్యాహ్నం సంగతి చూద్దాం.

ఇప్పుడు ఆ 20వ తారీఖుకి వస్తాను. ఇది నా కథ కాదు, నా పక్క టేబుల్ అమ్మాయిది. ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసే కంపెనీ, హైదరాబాదులో. అప్పటికి నేను ఇంటర్నల్ ఆడిట్ చూస్తున్నాను, కాబట్టి ఆ ఇద్దరు మేనేజర్ల మీదా నాకు ఏ అధికారమూ లేదు. పన్నెండుంపావు ఫోన్ పెట్టేసి ఆ అమ్మాయి నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు రావడానికి సిద్ధంగా ఉన్నాయి. "ఆంటీ, ఏది ముందు చెయ్యను?" అంది.

నేను ఏది ముందో చెప్పలేదు. "ఇది ఆలస్యమైతే ఏమవుతుందో నాకు చెప్పు. దీనికో కాగితం, దానికో కాగితం" అన్నాను.

మీరు కూడా ఆలోచించండి. ఏది పెద్దది? హాల్లో ఎవరో జీఎస్టీ అన్నారు. అవును, అందరూ అదే అంటారు. ప్రభుత్వం కదా, చట్టం కదా. లెక్క వేద్దాం. ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ పోను నగదులో కట్టాల్సింది సుమారు 6,00,000. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. ఒక్క రోజుకి ఎంత? 6,00,000ని 18 శాతంతో హెచ్చించి 365తో భాగించండి. 296 రూపాయలు. దానికి తోడు రోజుకి 50 రూపాయల లేటు ఫీజు. మొత్తం 346. ఒక్క రోజు ఆలస్యానికి అంతే. మన దగ్గర కొన్న కస్టమర్లకు క్రెడిట్ ఆగిపోదా అంటారేమో. వాళ్ళకు మన బిల్లులు కనిపించేది జీఎస్టీఆర్-1 వల్ల, అది 11నే వేసేసింది. ఈ-వే బిల్లులు ఆపేస్తారా? వరసగా రెండు నెలల రిటర్నులు వేయకపోతే ఆపుతారు. ఒక్క రోజుకి కాదు.

అమ్మో, నేను జీఎస్టీ లేటుగా వేయమంటున్నానని రాసుకుని వెళ్ళకండి. అలవాటైతే చాలా ఖరీదు. ఆ ఒక్క మధ్యాహ్నం ఏది ఎంత నష్టమో తెలుసుకోవాలంటున్నాను.

ఇక టెండరు. ఆలస్యమైతే ఏమవుతుంది? అయిదు గంటలంటే అయిదు గంటలే, అదీ పోర్టల్ సర్వర్ గడియారం ప్రకారం. మన చేతి గడియారం నాలుగు యాభై ఎనిమిది చూపించినా లాభం లేదు. ఆ తర్వాత అప్‌లోడ్ బటన్ పనిచేయదు. వెళ్ళి బతిమాలుకోవడానికి అక్కడ గుమాస్తా లేడు. మూడు వారాలు సైట్లు తిరిగి, సప్లయర్ల కొటేషన్లు తెచ్చుకుని, బయానా డబ్బు కట్టి, అన్నీ సున్నా.

ఇక్కడ నేను వాడుకునే మూడు మాటలు ఉన్నాయి. గడువులన్నీ ఒక్క రకం కాదు. కొన్ని వాలు. జారితే కొంచెం కొంచెంగా కిందికి పోతాం, జీఎస్టీ వడ్డీ అలాంటిది. కొన్ని మెట్టు. ఒక్క అడుగు తప్పితే ఒకేసారి కింద పడతాం, కానీ అక్కడితో ఆగుతాం. నా టీడీఎస్ 8వ తారీఖు అలాంటిది. కొన్ని అంచు. దాటితే ఇక లేదు. టెండరు అంచు. "అర్జెంటు" అన్న మాట ఈ మూడింటికీ ఒక్కటే. చెప్పేవాళ్ళ గొంతులో తేడా తెలీదు. మనం అడిగితేనే తెలుస్తుంది. చూడండి, టీడీఎస్సూ పన్నే, జీఎస్టీ కూడా పన్నే. అయినా ఒకటి మెట్టు, ఒకటి వాలు. "పన్ను పనులన్నీ ముందు" అని గోడ మీద రాసుకుంటే ఏదో ఒక రోజు తప్పవుతుంది.

సరే, టెండరే ముందని తేలింది. అంతేనా? ఇంతవరకే అయితే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. ఆ అమ్మాయి చేత ఇంకో పని చేయించాను. ఇద్దరికీ ఫోన్ చేయించాను. "నాకు కుదరదు" అని చెప్పడానికి కాదు. ఒక్క ప్రశ్న అడగడానికి. "సార్, మూడింటికి ఎందుకు?"

ఇది అడగడానికి భయం వేస్తుంది. ఎదురు ప్రశ్న వేసినట్టు ఉంటుంది. కాబట్టి ఎలా అడిగిందో చెబుతాను. "సార్, మూడింటికి ఇస్తే తర్వాత మీరు ఏం చేయాల్సి ఉంటుంది? దాన్నిబట్టి నేను సర్దుకుంటాను." ఇలా అడిగితే ఎవరికీ కోపం రాదు. ఆయన పని మీద మనకు శ్రద్ధ ఉందని తెలుస్తుంది.

ఫైనాన్స్ మేనేజర్ ఏమన్నారో తెలుసా? రిటర్ను గడువు ఆ రోజు రాత్రి 12 దాకా ఉంది. కానీ సాయంత్రం అయ్యేకొద్దీ పోర్టల్ మొరాయిస్తుంది, పైగా 3బీ మీద డిజిటల్ సంతకం పెట్టాల్సింది ఆయనే, ఆయనకు కూకట్‌పల్లిలో చుట్టాల పెళ్ళి, 5:30కి బయల్దేరాలి. అదండీ మూడు గంటల రహస్యం. అంటే 3బీకి నిజమైన గడువు మూడూ కాదు, రాత్రి పన్నెండూ కాదు. 5:30.

ప్రాజెక్ట్స్ మేనేజర్‌ది ఇంకా విచిత్రం. టెండరు మీద సంతకం డైరెక్టరుగారిది. ఆయన డిజిటల్ టోకెన్ ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన నాలుగింటికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతున్నారు. కొన్ని ఆఫీసుల్లో టోకెనూ పాస్‌వర్డూ కలిపి ఉద్యోగి సొరుగులో పడేసి వెళ్తుంటారు. అలా చేయకండి, ఇంకొకరి సంతకం మనం పెట్టినట్టే అది. ఆ డైరెక్టరుగారు ఇవ్వరు, మంచిదే. అంటే టెండరు అంచు అయిదింటికి కాదు, 3:45కి. ఆయన వెళ్ళిపోయాక అయిదు దాకా ఎంత టైమున్నా మనకు పనికిరాదు. అడగకపోతే మనవాళ్ళు అయిదే అనుకుని నాలుగింటికి తీరిగ్గా అప్‌లోడ్ మొదలుపెట్టేవాళ్ళు.

చూశారా? ఇద్దరూ "మూడు" అన్నారు. ఒక మూడు వెనక పెళ్ళి ఉంది, ఒక మూడు వెనక విమానం ఉంది. ఒకటి 5:30, ఇంకోటి 3:45. ఆ రెంటి మధ్య దాదాపు రెండు గంటలు ఉన్నాయి. పన్నెండుంపావుకి లేని చోటు, పన్నెండున్నరకి దొరికింది.

ఇంకో సంగతి. టెండరు పని రెండు గంటలు పడుతుందని ఆ అమ్మాయి లెక్క. "అందులో నీ చేయి ఎక్కడ కావాలి?" అన్నాను. చూస్తే, మూడేళ్ళ టర్నోవర్ స్టేట్‌మెంట్ ఆమె తప్ప ఎవరూ తీయలేరు. రేట్ల షీటులో ఏ సామానుకి ఎంత జీఎస్టీ అన్న వరస ఆమె చూడాలి. మిగతా అంటే పాత వర్క్ ఆర్డర్ల కాపీలు, స్కానింగులు, పేజీల మీద స్టాంపులు, అప్‌లోడు, ఇవన్నీ ప్రాజెక్ట్స్‌లో ఉన్న కుర్రాడు చేయగలడు. ఎప్పుడూ ఈమే చేస్తోంది కాబట్టి ఈమే చేయాలనుకున్నారు. రెండు గంటల పని గంటా పది నిమిషాలకు వచ్చింది.

జీఎస్టీ వైపు కూడా అలాగే చూశాం. 3బీలో ఎక్కువ టైము తినేది మన కొనుగోళ్ళ లెక్కని, సప్లయర్లు చూపించిన బిల్లులతో పోర్టల్‌లో వచ్చే 2బీ స్టేట్‌మెంట్‌తో పోల్చుకోవడం. అది గంటన్నర పైనే. కానీ డబ్బు కట్టడానికి అదంతా పూర్తవ్వాలా? అక్కర్లేదు. ముందురోజు వేసుకున్న డ్రాఫ్టు ఉంది, 6,00,000 దగ్గర వస్తోంది. 6,50,000కి చలాను తీసి నెట్ బ్యాంకింగ్‌లో కట్టేస్తే పోర్టల్‌లో కంపెనీ పేరున ఉండే క్యాష్ లెడ్జర్‌లో కూర్చుంటుంది. మిగిలింది వచ్చే నెలకు పనికొస్తుంది. ఇందులో లాభం ఏంటి? 2024 జులైలో నిబంధన మారింది. గడువులోపు క్యాష్ లెడ్జర్‌లో పడిన డబ్బు, రిటర్ను వేసేటప్పుడు అందులోంచే తీసుకుంటే, దాని మీద ఆలస్యపు వడ్డీ లెక్కించరు. అంటే ఆ పది నిమిషాల పని చేసేస్తే, ఒకవేళ పోర్టల్ మొండికేసి రిటర్ను మర్నాటికి పోయినా నష్టం 346 నుంచి 50 రూపాయలకు దిగిపోతుంది. చలాను మాత్రం ఆ రోజు నెట్ బ్యాంకింగ్‌లోనే కట్టాలి. ఎన్‌ఈఎఫ్‌టీ పెట్టి, అది లెడ్జర్‌కి ఎప్పుడు చేరుతుందా అని గడువు రోజున ఎదురుచూడకూడదు.

కాబట్టి ఏది ముందు? టెండరా, జీఎస్టీయా? రెండూ కాదు. ముందు చలాను. పది నిమిషాలు. తర్వాత టెండరులో ఆమె భాగం. ఆ తర్వాత 3బీ. పనిని మొత్తంగా చూసినంతసేపు రెండు ఏనుగులు ఒక్క గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. ముక్కలు చేసి చూస్తే వరస కనబడుతుంది.

ఒకాయన తల అడ్డంగా ఊపుతున్నారు. కాసేపు ఇదీ కాసేపు అదీ చేస్తే పోలేదా అంటారు, అంతేనా? దానికి జవాబు చిన్న లెక్క. రెండు పనులు, ఒక్కొక్కటి రెండు గంటలు, ఒంటి గంటకు మొదలు. ఒకటి పూర్తిచేసి ఇంకోటి చేస్తే మొదటిది మూడింటికి, రెండోది అయిదింటికి అవుతాయి. అరగంట ఇది, అరగంట అది చేస్తే? మొదటిది నాలుగున్నరకి, రెండోది అయిదింటికే. రెండోవాళ్ళకు ఒక్క నిమిషం కలిసిరాలేదు. మొదటివాళ్ళకు గంటన్నర పోయింది. ఫైళ్ళు మూసి తెరవడం, ఎక్కడ ఆపానో వెతుక్కోవడం ఇంకా కలపలేదు. ఇద్దరికీ న్యాయం చేసినట్టు అనిపిస్తుంది గానీ, ఒకరికి నష్టం, ఇంకొకరికి లాభం లేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు అలిసిపోతాడు, ఏ పడవా కదలదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వరస ఎవరు నిర్ణయించాలి? ఆ అమ్మాయా? నేనా? కాదు. ఆ ఇద్దరు మేనేజర్లు. మన పని వాళ్ళ ముందు లెక్క పెట్టడం. ఇద్దరి ముందూ ఒకేసారి, ఒకే కాగితం మీద. ఒక్కొక్కరికి విడివిడిగా ఫోన్ చేస్తే ఏమవుతుంది? "ఆయనకి నేను చెప్పానని చెప్పు" అంటారు ఈయన. "ఈయనకి నేను చెప్పానని చెప్పు" అంటారు ఆయన. మధ్యలో మనం పెళ్ళిళ్ళ పేరయ్యలా తిరుగుతాం. కాబట్టి ఇద్దరూ ఉన్న గ్రూపులో 12:40కి ఆ అమ్మాయి ఇలా పెట్టింది. నేను రాసుకున్నాను, చదువుతాను.

"సార్, ఇవాళ మధ్యాహ్నం నా దగ్గర రెండు పనులు ఉన్నాయి. 3బీకి ఫైనాన్స్ సార్ సంతకం 5:30లోపు కావాలి. టెండరుకి డైరెక్టరుగారి సంతకం 3:45లోపు కావాలి. ఈ వరసలో చేద్దామనుకుంటున్నాను. 1 గంటకల్లా 6,50,000 చలాను, ఫైనాన్స్ సార్ ఆమోదిస్తే. 2:15కల్లా టర్నోవర్ స్టేట్‌మెంట్, రేట్ల షీటులో జీఎస్టీ వరస. అప్‌లోడు ప్రాజెక్ట్స్ నుంచి చేయించగలరా సార్? ఆ తర్వాత 3బీ, 5 గంటలకు సంతకానికి సిద్ధం. పోర్టల్ పనిచేయక రేపటికి పోతే 50 రూపాయల లేటు ఫీజు పడొచ్చు, వడ్డీ పడదు. మార్పు ఉంటే 1 గంటలోపు మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి సార్. లేకపోతే ఇలాగే మొదలుపెడతాను."

ఇందులో ఏముందో చూడండి. "నాకు కష్టంగా ఉంది" అని లేదు. "మీరిద్దరూ ఒకేసారి చెబితే ఎలా" అని లేదు. ఎవరి పని గొప్పదో లేదు. గంటలు ఉన్నాయి, రూపాయలు ఉన్నాయి. 50 రూపాయల నష్టం రావచ్చని ముందే ఉంది, దాచలేదు. ఆఖరి వాక్యం ముఖ్యం. జవాబు రాకపోతే ఏం చేస్తానో చెప్పింది. ఎందుకంటే పెద్దవాళ్ళు సైట్లో ఉంటారు, మీటింగులో ఉంటారు, చూస్తారు, జవాబివ్వరు. మీ నిర్ణయం కోసం ఎదురు చూస్తున్నాను అని మాత్రం పెడితే ఒంటిగంట, రెండు, రెండున్నర... కూర్చునే ఉంటాం.

ఏం జరిగింది? ఫైనాన్స్ మేనేజర్ అయిదు నిమిషాల్లో "సరే, చలాను పంపు, 5:15 దాటనివ్వకు" అన్నారు. ప్రాజెక్ట్స్ మేనేజర్ అసలు జవాబే ఇవ్వలేదు. కానీ ఒంటిగంటకు ఆ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అదే జవాబు.

1:05కి చలాను అయింది. 2:20కి ఆమె భాగం ఇచ్చేసింది, అయిదు నిమిషాలు లేటు. భోజనం డబ్బా టేబుల్ మీదే తెరిచింది. మూడింటికి కుర్రాడు అప్‌లోడు మొదలుపెట్టాడు, రేట్ల షీటు దగ్గర పోర్టల్ తిప్పికొట్టింది. మీలో టెండర్లు వేసినవాళ్ళకు తెలుసు, ఆ ఎక్సెల్ షీటు పోర్టల్ ఇచ్చిందే వాడాలి, ఫైలు పేరు కూడా మార్చకూడదు. వీడు చివర ఫైనల్ అని తగిలించాడు. మనందరికీ ఉన్న రోగమే కదా అది, ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ ఫైనల్. అది సరిచేసి, మళ్ళీ ఎక్కించి, డైరెక్టరుగారి టోకెన్ పెట్టి, బిడ్ ఫ్రీజ్ చేసి రసీదు ప్రింటు తీసేసరికి 3:32. అయిదే గడువనుకుని నాలుగింటికి మొదలుపెట్టి ఉంటే, ఈ తప్పు బయటపడేసరికి టోకెన్ శంషాబాద్ దారిలో ఉండేది.

3బీ 5:20కి వెళ్ళింది, రెండో ప్రయత్నంలో. రసీదు నంబరు వచ్చింది. ఆయన పెళ్ళికి వెళ్ళారు.

ఇది బాగా కుదిరిన రోజు. కుదరని రోజులూ ఉంటాయి, అవి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. రెండూ అంచులే అయితే? రెండు టెండర్లు, రెండూ అయిదింటికే, రెంటికీ మీ చేయే కావాలంటే ఏ వరసా పనిచేయదు. అప్పుడు ఉన్నవి రెండే దారులు. ఇంకో మనిషి రావాలి, లేదా ఒకటి వదలాలి. వదలడం ఇద్దరు మేనేజర్ల స్థాయిలో కూడా తేలదు, వాళ్ళిద్దరికీ పైన ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాలి. ఆ సంగతి పన్నెండింటికి చెబితే ఇంకో మనిషి దొరకొచ్చు. నాలుగింటికి చెబితే తిట్లు తప్ప ఏమీ దొరకవు. ఇద్దరు మేనేజర్లకూ పడని ఆఫీసులు కూడా ఉంటాయి. అక్కడ మీ మెసేజి కింద వాళ్ళ పాత తగాదా మొదలవుతుంది. అప్పుడు మీరు మధ్యలో దూరకండి. ఒంటిగంట దాటాక చెప్పిన వరసలో పని మొదలుపెట్టండి.

ప్రశ్నలా? ఆ పచ్చ చీర అమ్మాయి అడుగు తల్లీ.

(ప్రశ్న: గ్రూపులో పెడితే "నా మీద రాతపూర్వకంగా పెడతావా" అని మా సార్ కోప్పడతారు. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. కోప్పడతారు, నిజమే. నాకూ ఒకాయన ఉండేవారు. ఆయనకు గ్రూపులో పెట్టేముందు ఫోన్ చేసి, "సార్, మీ పని ఆగకూడదని ఇద్దరికీ టైములు వేసి పెడుతున్నాను, ఒకసారి చదువుతాను వినండి" అని చదివి వినిపించేదాన్ని. విన్నాక ఆయనే ఒక గంట అటో ఇటో మార్చేవారు. మార్చింది పెడితే అది ఆయన మాటే అయిపోయేది, ఇక కోపం ఎవరి మీద? ఇంకో మాట. నెలలో మీరు ఒక్కసారి ఇలా పెడితే వాళ్ళు వింటారు. వారానికి మూడుసార్లు పెట్టాల్సి వస్తోందంటే తప్పు ఆ మధ్యాహ్నంలో లేదు, ఆ సీటు మీద ఇద్దరు మనుషుల పని ఉంది. ఆ మెసేజిలన్నీ దాచుకోండి. మా ఆఫీసులో ఆ అమ్మాయి నాలుగు నెలల మెసేజిలు ప్రింటు తీసి చూపిస్తేనే 18 నుంచి 20 దాకా ప్రాజెక్ట్స్ కుర్రాణ్ణి అకౌంట్స్‌లో కూర్చోబెట్టారు. ఇప్పుడు టెండర్ల పట్టిక నెల మొదట్లోనే ఆమె టేబుల్ మీదకి వస్తోంది, ఏ టెండరైనా 20న క్లోజ్ అయ్యేది ఉంటే దాని పక్కన ఎర్ర టిక్కు పెట్టి, డైరెక్టరుగారు ఆ రోజు ఊళ్ళో ఉంటారా అని కూడా రాసి పంపుతున్నారు.

ఇంకెవరు? ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి బాబూ, కొంచెం గట్టిగా.